మీగడ తీస్తే కొవ్వు పోయినట్టేనా?

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ఎల్‌డీఎల్ అంకె ముద్దక్షరాల్లో కనిపించిందంటే చాలా ఇళ్లలో ముందుగా చెయ్యి పడేది పాలగిన్నె మీద. పాలు కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెడతారు. తెల్లారేసరికి పైన మందంగా కట్టిన మీగడనంతా గరిటెతో తీసేసి, మిగిలిన పాలతో కాఫీ కలుపుతారు, తోడు పెడతారు. కొవ్వు తగ్గించేశామని ఇంటిల్లిపాదికీ ఒక ధైర్యం.

ఆ తీసిన మీగడను ఎవరూ పారబోయరు. ఫ్రిజ్‌లోనే ఒక డబ్బాలో చేరుస్తారు. వారం తిరిగేసరికి డబ్బా నిండుతుంది. దానికి కాస్త తోడు కలిపి, చిలికి, వెన్న తీసి, కాచి నెయ్యి చేస్తారు. రోజుకు లీటరు చిక్కటి పాలు పోయించుకునే ఇంట్లో, పాలలోని కొవ్వులో సగం మీగడగా తీసినా వారానికి 200 గ్రాముల నెయ్యి వస్తుంది. అది ఇడ్లీ కారప్పొడిలోకి, పప్పన్నంలోకి, దోసె మీదకి వెళ్తుంది. ఇంట్లోకి వచ్చిన కొవ్వు ఇంట్లోనే ఉంది, తిన్నదీ ఆ ఇంటివాళ్లే. మారింది దాని రూపం ఒక్కటే. ఆ రూపం మార్పు ఎల్‌డీఎల్ విషయంలో చిన్నదేమీ కాదని, పైగా అది మనకు అనుకూలమైన మార్పు కాదని గత 20 ఏళ్లలో జరిగిన కొన్ని మంచి పరీక్షలు చెబుతున్నాయి. పాలు, పెరుగు, పనీర్, వెన్న, చీజ్ అన్నింటినీ ఒకే గాటన కట్టి 'పాల కొవ్వు' అనేయడం ఎందుకు సరికాదో తెలియాలంటే, ఆ డబ్బాలోని మీగడను చిలికేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి.

పాలలో కొవ్వు నూనెలా తెట్టుకట్టి ఉండదు. కంటికి కనిపించనంత సన్నటి బిందువులుగా ఉంటుంది. ఒక్కో బిందువు సగటున మిల్లీమీటరులో 200వ వంతు నుంచి 300వ వంతు ఉంటుంది. గేదె పాలలో బిందువులు ఆవు పాలలోకంటే కొంచెం పెద్దవి. కొవ్వు, నీళ్లు కలవవని మనకు తెలుసు. అయినా పాలలో అవి కలిసే ఉన్నాయంటే, ప్రతి బిందువు చుట్టూ ఒక పొర ఉండబట్టే. పొదుగులోని కణం ఈ బిందువును బయటికి వదిలేటప్పుడు తన సొంత పొరనే దానికి చుట్టి పంపుతుంది. మూడు వరుసలుగా ఉండే ఆ పొరలో ఫాస్ఫోలిపిడ్లు, స్ఫింగోమైలిన్ అనే మరో రకం కొవ్వు పదార్థం, కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. బరువులో చూస్తే ఇది చాలా తక్కువ. లీటరు పాలలో ఉన్న పొరనంతా పోగేసినా చెంచాకు చాలదు.

చిలకడమంటే ఆ పొరను చింపడమే. మిక్సీ జార్‌లో పులిసిన మీగడ వేసి, చల్లటి నీళ్లు పోసి తిప్పితే మొదట అంతా చిక్కటి నురగలా అవుతుంది. కాసేపటికి ఆ నురగ ఒక్కసారిగా కూలబడి, మిక్సీ మోత మారుతుంది. ఆ క్షణంలో లోపల లక్షలాది బిందువుల పొరలు చినిగి, బయటపడ్డ కొవ్వు ఒకదానికొకటి అంటుకుంటోందన్నమాట. ముందు రవ్వలా, తరవాత ఉండలుగా, చివరికి ముద్దగా వెన్న పైకి తేలుతుంది. మీగడ వెచ్చగా ఉంటే కొవ్వు మెత్తబడి ఉండ కట్టదు, వెన్న జిడ్డులా జార్‌కి పట్టుకుంటుంది. అందుకే చన్నీళ్లో, ఐసుముక్కలో వేస్తారు. ముద్దను తీసి రెండు మూడుసార్లు కడిగితే చేతిలో ప్రధానంగా కొవ్వే మిగులుతుంది. చినిగిన పొర ముక్కలు ఎక్కువభాగం అడుగున ఉన్న పల్చటి తెల్లటి మజ్జిగలోకి జారిపోతాయి. వెన్నలో మిగిలిన కాస్తా కాచేటప్పుడు పోతుంది. నీరు చిటపటలాడి ఆవిరైపోగానే, గిన్నె అడుగున గోధుమరంగులో కమ్మటి వాసనతో మిగిలే మడ్డిలో అది ఉండిపోతుంది. వడకట్టిన నెయ్యిలో నూటికి 99 పాళ్లకు పైగా ఉండేది కొవ్వే. పొర ఆనవాలు దాదాపు ఉండదు.

ఇక్కడ స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరీక్ష గురించి చెప్పాలి. 2015లో వెలువడిన ఈ పరీక్షలో అధిక బరువున్న 57 మందిని రెండు జట్లు చేశారు. ఇద్దరికీ రోజుకు 40 గ్రాముల పాల కొవ్వు, 8 వారాల పాటు ఇచ్చారు. ఒక జట్టుకు పొర చెక్కుచెదరని మీగడ రూపంలో, రెండో జట్టుకు వెన్న నుంచి తీసిన శుద్ధ కొవ్వు రూపంలో. ఆ రెండోదాన్ని వాళ్లు బటర్ ఆయిల్ అంటారు, కాచిన వాసన తప్ప అది మన నెయ్యిలాంటిదే. కొవ్వు అదే, కొలత అదే. శుద్ధ కొవ్వు తిన్నవారిలో ఎల్‌డీఎల్ సగటున 14 మిల్లీగ్రాముల దాకా పెరిగింది. మీగడ తిన్నవారిలో పెరుగుదల లెక్కలోకి రానంత స్వల్పం.

నెయ్యి ప్రియులకు ఈ ఫలితం రుచించకపోవచ్చు. కానీ ఇందులో పాల కొవ్వును సమర్థించే మాట కూడా ఉంది. కొవ్వు ఒక్కటే దోషి అయితే రెండు జట్లలోనూ అంకె సమానంగా పెరగాలి. అలా జరగలేదంటే పొరకేదో పని ఉందన్నమాట.

ఆ పనేమిటో తెలియాలంటే ఎల్‌డీఎల్ ఎలా పెరుగుతుందో రెండు మాటల్లో చెప్పుకోవాలి. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ కణాలను కాలేయం తన ఉపరితలం మీదున్న గ్రాహకాలతో పట్టి లోపలికి లాక్కుంటుంది. ఈ గ్రాహకాలను కనుగొన్న మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. పాల కొవ్వులో మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వు. అందులోని పామిటిక్, మిరిస్టిక్ ఆమ్లాలు కాలేయం మీద గ్రాహకాల పనిని తగ్గిస్తాయి. పట్టేవాళ్లు తగ్గితే ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది, రిపోర్టులో అంకె పెరుగుతుంది. అందుకే తిండిలో ఉన్న కొలెస్ట్రాల్‌కంటే సంతృప్త కొవ్వే ఈ లెక్కలో పెద్దది. పొరలోని స్ఫింగోమైలిన్, ఫాస్ఫోలిపిడ్లు పేగులో కొలెస్ట్రాల్‌ను రక్తంలోకి ఎక్కనీయకుండా కొంతవరకు అడ్డుకుంటాయి. సంతృప్త కొవ్వు ఒకవైపు అంకెను ఎగదోస్తుంటే, పొర రెండోవైపు నుంచి వెనక్కి లాగుతుంది. చిలికి, కాచి పొరను వేరుచేసినప్పుడు ఎగదోసేది నేతిగిన్నెలోకి చేరింది, వెనక్కి లాగేది మజ్జిగలోకి పోయింది.

మరి ఆ మజ్జిగ మాటేమిటి? కెనడాలోని లవాల్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్నే పరీక్షించారు. 2013లో వచ్చిన ఆ అధ్యయనంలో వెన్న తీసేశాక మిగిలిన మజ్జిగను పొడి చేసి, రోజుకు 45 గ్రాముల చొప్పున 4 వారాలు ఇచ్చారు. నీళ్లు కలిపితే దాదాపు అర లీటరు అవుతుంది. పోలికకు, పోషకాలన్నీ సమానంగా ఉండి పొర పదార్థం మాత్రం లేని మరో పొడిని ఇచ్చారు. మజ్జిగ తాగిన రోజుల్లో ఎల్‌డీఎల్ నూటికి 3 పాళ్లు తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు నూటికి 10 పాళ్లు తగ్గాయి. పేగులో కొలెస్ట్రాల్ శోషణ తగ్గిందనడానికి రక్తంలో గుర్తులూ కనిపించాయి. 3 పాళ్లంటే మందులా పనిచేసిందని కాదు. ఎల్‌డీఎల్ 140 ఉన్న మనిషికి అది 136 అవుతుంది, అంతే. అయినా ఇన్నాళ్లూ కొవ్వు పోయిన నీళ్లుగా లెక్కేసిన ద్రవంలో ఈ గుణం ఉందని తేలడం నాకు ఎంతో విలువైన సంగతిగా అనిపిస్తుంది. మన ఊళ్లలో వెన్న తీసిన మజ్జిగను పక్కింటివాళ్లకు చెంబుతో పోసిచ్చే అలవాటు ఉండేది. ఇప్పుడు మిక్సీలో వెన్న తీశాక ఆ తెల్లనీళ్లను సింకులో పారబోసే ఇళ్లు చాలానే ఉన్నాయి. పులుపు ఎక్కువైతే మజ్జిగ పులుసులో వాడుకోవచ్చు. ఒక్క మాట. పెరుగులో నీళ్లు పోసి గిలకొట్టినదాన్నీ మనం మజ్జిగే అంటాం. అది పల్చబడ్డ పెరుగు. వెన్న తీయలేదు కాబట్టి కొవ్వూ, పొరా రెండూ అందులోనే ఉంటాయి.

పొర ఒక్కదాంతోనే కథ పూర్తికాదు. వెన్నకు, చీజ్‌కు ఉన్న తేడా ఇంకా బాగా పరీక్షకు నిలిచింది. 2011లో కోపెన్‌హేగన్‌లో 49 మందికి చెరి ఆరు వారాలు, ఒకసారి చీజ్, ఇంకోసారి వెన్న ఇచ్చారు. రెండింటిలోనూ పాల కొవ్వు కొలత సమానం. చీజ్ తిన్న రోజుల్లో ఎల్‌డీఎల్, వెన్న తిన్న రోజులకంటే దాదాపు 7 శాతం తక్కువగా ఉంది. ఇలాంటి పరీక్షలు అంతకుముందూ తరవాతా పలు దేశాల్లో జరిగాయి. అన్నింటినీ కలిపి లెక్కించినప్పుడు కూడా తేడా ఇంచుమించు అంతే తేలింది.

దీనికి ప్రధాన కారణంగా చెప్పేది కాల్షియం. బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, బకెట్ అంచుకు తెల్లటి తెట్టు కడుతుంది. నీటిలోని కాల్షియం సబ్బులోని కొవ్వు ఆమ్లాన్ని పట్టుకుని కరగని పదార్థంగా మార్చడం వల్ల అలా అవుతుంది. మన పేగులోనూ అచ్చంగా అదే రసాయన చర్య జరుగుతుంది. చీజ్‌లోని కాల్షియం జీర్ణమైన కొవ్వు నుంచి విడివడ్డ పామిటిక్ ఆమ్లాన్ని పట్టుకుంటుంది. అలా పట్టుబడ్డ కొవ్వు రక్తంలోకి ఎక్కకుండా మలంతో బయటికి పోతుంది. ఇలా పోయే కొవ్వు రోజుకు కొద్ది గ్రాములే. దాంతోపాటు కాల్షియం పైత్యరసంలోని ఆమ్లాలను కూడా కొంత పట్టి పంపేస్తుంది. కాలేయం వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కొలెస్ట్రాల్ కావాలి. అందుకోసం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఇంకాస్త ఎక్కువ లాక్కుంటుంది.

అలాగైతే వెన్నతో పాటు ఒక కాల్షియం మాత్ర వేసుకుంటే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో సరిగ్గా ఈ ప్రశ్ననే పరీక్షకు పెట్టారు. 50 ఏళ్లు దాటిన, అధిక బరువున్న 160 మందికి పైగా మనుషులకు ఆరు వారాలు, రోజుకు 40 గ్రాముల పాల కొవ్వు ఇచ్చారు. ఒక జట్టుకు 120 గ్రాముల చెడ్డర్ చీజ్‌గా. మరో జట్టుకు కొవ్వు తగ్గించిన చీజ్, దానిపక్కన వెన్న. ఇంకో జట్టుకు 49 గ్రాముల వెన్న, వేరుగా పాల ప్రోటీన్ పొడి, కాల్షియం మాత్ర. కొవ్వు, ప్రోటీన్, కాల్షియం అందరికీ దాదాపు సమానమే. కొలెస్ట్రాల్ బాగా తగ్గింది చీజ్‌గా తిన్నవారిలో. విడదీసి తిన్నకొద్దీ ఆ మేలు మెట్టుమెట్టుగా తగ్గుతూ వచ్చింది. కొవ్వును ప్రోటీన్ వలలో, కాల్షియం పక్కనే బిగించి ఉంచినప్పుడు జీర్ణమయ్యే తీరు వేరు, అవే వస్తువులను విడివిడిగా మింగినప్పుడు వేరు. 2018లో వచ్చిన ఈ ఫలితం తరవాత పోషకాహార శాస్త్రవేత్తలు పదార్థం అల్లికను కూడా లెక్కలోకి తీసుకోక తప్పలేదు.

చీజ్ అంటే ఇక్కడ రెన్నెట్‌తో విరిచి, సూక్ష్మజీవులతో నెలల తరబడి మాగబెట్టిన గట్టి చీజ్. మన దుకాణాల్లో శాండ్‌విచ్ కోసం కొనే పల్చటి స్లైసులు ప్రాసెస్డ్ చీజ్. చీజ్‌ను కరిగించి, లవణాలు కలిపి మళ్లీ పోతపోసింది. ఈ పరీక్షలు దానిమీద జరిగినవి కావు, పైగా దాంట్లో ఉప్పు బాగా ఎక్కువ. రక్తపోటు ఉన్నవారు ఎల్‌డీఎల్ కోసమని స్లైసులు తినడం మొదలుపెడితే ఇంకో రోగానికి దారి వేసుకున్నట్టే.

పనీర్ దగ్గరికొచ్చేసరికి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. పాలు బాగా కాచి, నిమ్మరసమో వెనిగరో వేసి విరిచేది పనీర్. ఇందులో సూక్ష్మజీవుల పని లేదు, మాగబెట్టడం లేదు. కానీ చిలకడమూ లేదు. కొవ్వు బిందువులు పొరతోనే ప్రోటీన్ ముద్దలో చిక్కుకుంటాయి. కాబట్టి ఇది వెన్న వైపుకంటే చీజ్ వైపుకే దగ్గర. అయితే పులుపు తగిలినప్పుడు పాలలోని కాల్షియం కొంత కరిగి విరుగుడు తేటలోకి పోతుంది. పులుపు ఎంత ఎక్కువ వేస్తే అంత ఎక్కువ పోతుంది. అందుకే నిమ్మరసం ఒకేసారి గుమ్మరించకుండా, పొయ్యి ఆపి, కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. తేట లేత పసుపుపచ్చగా, అడుగు కనిపించేంత తేరుకుందంటే విరగడం పూర్తయినట్టే, ఇక చుక్క కూడా అక్కర్లేదు. తేట ఇంకా పాలలా తెల్లగా ఉంటే ప్రోటీన్, కొవ్వు దాంట్లోకి పోతున్నాయని గుర్తు. ఆ తేటతో చపాతీ పిండి తడుపుకుంటే పోయిన కాల్షియం కొంత మళ్లీ కంచంలోకి వస్తుంది.

పనీర్‌లో కొవ్వు తక్కువని ఒక అపోహ బాగా పాతుకుపోయింది. మన దేశంలో ఆహార ప్రమాణాల ప్రకారం మామూలు పనీర్‌లో నీరు నూటికి 60కి మించకూడదు, మిగిలిన ఘనపదార్థంలో సగమైనా కొవ్వు ఉండాలి. అంటే 100 గ్రాముల పనీర్‌లో కనీసం 20 గ్రాముల కొవ్వు. దాన్ని ముక్కలు కోసి వెన్నలో వేయించి, జీడిపప్పు ముద్దలో, మీద ఇంకో వెన్న బిళ్ల వేసుకుని తిన్నాక పనీర్ మంచిదా కాదా అని అడగడంలో అర్థం లేదు. ఆ గిన్నెలో ఎల్‌డీఎల్‌ను కదిలించేది ముక్కలకంటే ఆ వెన్నే.

ఇక పెరుగు. పులియడం వల్ల కొవ్వు తగ్గుతుందని చాలామంది నమ్ముతారు. తోడులోని సూక్ష్మజీవులకు ఆహారం పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్. దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, పాలు తోడుకుంటాయి. కొవ్వును అవి దాదాపు ముట్టుకోవు. 6 శాతం కొవ్వున్న పాలు తోడేస్తే 6 శాతం కొవ్వున్న పెరుగే వస్తుంది. మరైతే పులియడం వల్ల ఎల్‌డీఎల్‌కు ఒరిగేదేమిటి?

ఈ ఆలోచన మొదలైంది తూర్పు ఆఫ్రికాలో. అమెరికా శాస్త్రవేత్త జార్జ్ మాన్ కెన్యా, టాంజానియాల్లోని మసాయి తెగవారిని పరిశీలించాడు. పులిసిన పాలు లీటర్ల కొద్దీ తాగుతున్నా వాళ్ల రక్తంలో కొలెస్ట్రాల్ తక్కువగా ఉంది. పులిసిన పాలలోనే ఏదో ఉందని ఆయన 1970లలో ప్రతిపాదించాడు. తరవాత మామూలు పెరుగుతో జరిగిన పరీక్షలు కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. రోజుల తరబడి నడిచి పశువుల్ని కాసే మనుషుల రక్తానికి, ఆఫీసులో కూర్చునే మనుషుల రక్తానికి తేడా ఒక్క పెరుగుతోనే వచ్చిందనుకోలేం.

కొన్ని ప్రత్యేకమైన సూక్ష్మజీవుల విషయంలో మాత్రం ఆధారం గట్టిగానే ఉంది. అవి పేగులో పైత్య లవణాలను విడగొట్టే ఎంజైమును తయారుచేస్తాయి. విడిపోయిన లవణాలు తిరిగి రక్తంలోకి ఎక్కడం తగ్గి బయటికి పోతాయి, కాలేయం ఎల్‌డీఎల్‌ను వాడుకుని కొత్తవి తయారుచేస్తుంది. కాల్షియం విషయంలో చెప్పుకున్న దారే ఇదీ. లాక్టోబాసిల్లస్ రూటెరీలో ఒక రకాన్ని ఎంచి, పెరుగులో కలిపి ఇచ్చినప్పుడు ఎల్‌డీఎల్ చెప్పుకోదగ్గంతగా తగ్గింది. కానీ అది ప్రయోగశాలలో ఏరి, లెక్కబెట్టి వేసిన సూక్ష్మజీవి. పక్కింటి నుంచి తెచ్చిన తోడులో ఏముందో ఎవరూ చెప్పలేరు, వారం వారం అది మారుతూనే ఉంటుంది. ఇంటి పెరుగు ఎల్‌డీఎల్‌ను తగ్గించే మందని చెప్పడానికి లేదు.

అయినా పెరుగు స్థానం వెన్నకంటే మెరుగే. కారణం పులియడంకంటే, చిలకకపోవడం. పొర అలాగే ఉంది, ప్రోటీన్ వల ఉంది, కాల్షియం మొత్తం ఉంది. ఇక్కడొక తిరకాసు ఉంది. పెరుగు పులుపెక్కేసరికి కాల్షియం దాదాపు అంతా కరిగి నీటిలోకి చేరుతుంది. గిన్నెలో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు, ఆ నీరూ మనమే తాగుతాం. గుడ్డలో కట్టి వేలాడదీస్తే మాత్రం కాల్షియం కారిపోతుంది, కొవ్వు గుడ్డలో మిగులుతుంది. శ్రీఖండ్ కోసమో, డిప్ కోసమో గట్టి పెరుగు చేసుకునేవాళ్లు ఆ నీటిని రసంలోకో మజ్జిగలోకో వాడుకోవడం మంచిది.

ఇదే లెక్కలో మరో నమ్మకాన్ని కూడా తూచాలి. మీగడ యంత్రంలో తీసిన నెయ్యికంటే, పెరుగు తోడేసి కవ్వంతో చిలికి కాచిన నెయ్యి గుండెకు మంచిదని పెద్ద ధరకు అమ్ముతున్నారు. వాసనలో, రుచిలో తేడా నిజమే, పులియడం వల్ల వచ్చే కమ్మదనం అది. కొవ్వు ఆమ్లాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాదు. పులియడం వల్ల పుట్టిన సూక్ష్మజీవులు పొయ్యి మీద చనిపోతాయి, పొర మజ్జిగలోకి పోయింది, కాల్షియం కూడా మజ్జిగలోకే పోయింది. ఎల్‌డీఎల్‌కు రెండు నెయ్యిలూ ఒకటే.

ఇప్పుడొక ఇంటి లెక్క వేసి చూద్దాం. 50 ఏళ్ల గృహిణి, రోజుకు సుమారు 1800 కేలరీల తిండి, ఎల్‌డీఎల్ 142 అనుకుందాం. మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈమెకు అది 20 గ్రాములు. ఆమె రోజు ఇలా నడుస్తుంది: రెండుసార్లు కాఫీకి కలిపి పావులీటరు ఫుల్‌క్రీమ్ పాలు, అందులో 15 గ్రాముల కొవ్వు. రాత్రి అన్నంలోకి కప్పు పెరుగు, 9 గ్రాములు. ఉదయం కారప్పొడిలో రెండు చెంచాలు, మధ్యాహ్నం పప్పన్నంలో మూడు చెంచాల నెయ్యి, దాదాపు 22 గ్రాములు. మొత్తం 46 గ్రాముల పాల కొవ్వు. అందులో సంతృప్తం 29 గ్రాముల పైమాటే. వంట నూనె, కొబ్బరి పచ్చడి లెక్కలోకి రాకముందే హద్దు దాటింది.

చాలామంది చేసేది, పాలూ పెరుగూ రెండింటికీ 3 శాతం కొవ్వుండే టోన్డ్ పాలకు మారడం. దాంతో 12 గ్రాముల కొవ్వు తగ్గుతుంది, సంతృప్తం 8 గ్రాముల లోపు తగ్గుతుంది. ఇంకా హద్దు బయటే ఉంది. అదే ఆమె పాలూ పెరుగూ మార్చకుండా నెయ్యిని రోజుకు ఒక్క చెంచాకు దించి, కారప్పొడిలోకి నువ్వుల నూనె వేసుకుందనుకోండి. 18 గ్రాముల పాల కొవ్వు, అందులో 11 గ్రాములకు పైగా సంతృప్తం పోతుంది. మొత్తం 18 గ్రాముల దగ్గర ఆగుతుంది. నూనెలోనూ కొంచెం సంతృప్తం ఉంటుంది, అది చెంచాకు గ్రాము లోపే. పైగా తగ్గింది పొర లేని, కాల్షియం లేని కొవ్వు. దాని స్థానంలో వచ్చింది ఎల్‌డీఎల్‌ను దించే రకం కొవ్వు. కాఫీ రుచి చెడలేదు, పెరుగన్నం పల్చబడలేదు. మీగడ తీసి నెయ్యి చేసుకునే ఇంట్లో జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇంతమాత్రాన చీజ్, మీగడ, ఫుల్‌క్రీమ్ పాలు కావలసినంత తినొచ్చని ఎవరైనా అర్థం చేసుకుంటే అది పొరపాటు. పై పరీక్షల్లో చాలావరకు పోలిక వెన్నతో, శుద్ధ కొవ్వుతో జరిగింది. వెన్నకంటే మెరుగనడం వేరు, అసలే మంచిదనడం వేరు. లవాల్ విశ్వవిద్యాలయంలోనే 2017లో వచ్చిన మరో పరీక్షలో వెన్న, చీజ్‌లతో పాటు అసంతృప్త నూనెలను కూడా పోల్చి చూశారు. వెన్నకంటే చీజ్ నయమని మళ్లీ తేలింది. కానీ నూనెలతో పోలిస్తే చీజ్ తిన్నప్పుడు కూడా ఎల్‌డీఎల్ ఎక్కువే. ఎల్‌డీఎల్ ముందునుంచే ఎక్కువగా ఉన్నవారికి వెన్న చేసే చెరుపు మరింత ఎక్కువని కూడా అందులో కనిపించింది. కాబట్టి పల్లీ నూనె, నువ్వుల నూనె, గుప్పెడు పల్లీలు తినేచోట చీజ్ తెచ్చిపెట్టుకుంటే నష్టమే. నెయ్యి, వెన్న వేసుకునేచోట పెరుగో పనీరో వస్తే లాభం.

ఈ మార్పు పనిచేసిందో లేదో తేల్చుకోవడానికి రక్తపరీక్షే దారి, అయితే తొందరపడితే మోసపోతాం. తిండి మార్చిన వెంటనే ఎల్‌డీఎల్ కొత్త స్థాయికి స్థిరపడదు. ఆరు వారాలు ఆగి, మొదట చేయించిన ల్యాబులోనే చేయించాలి. తిండి ఏమీ మార్చకపోయినా ఒకే మనిషి ఎల్‌డీఎల్ ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ 8 శాతం దాకా అటూ ఇటూ కావడం మామూలే. 142 కాస్తా 136 అయితే అది తిండి వల్లనో, సహజమైన ఊగిసలాట వల్లనో ఒక్క రిపోర్టుతో చెప్పలేం. కొన్ని వారాల తరవాత ఇంకోసారి కూడా అక్కడే ఉంటే నమ్మొచ్చు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటి ఉంటే మామూలు సూత్రంతో లెక్కగట్టిన ఎల్‌డీఎల్ అంకె నమ్మదగింది కాదు, నేరుగా కొలిచే పరీక్ష అడగాలి. ఎల్‌డీఎల్ 190 దాటినవారికి, చిన్న వయసులోనే గుండెపోట్లు వచ్చిన కుటుంబాలకు, ఇప్పటికే స్టెంటు వేయించుకున్నవారికి ఈ తిండి మార్పులు మందుకు తోడు మాత్రమే. అలాంటివారు పెరుగును నమ్ముకుని స్టాటిన్ మాత్ర ఆపకూడదు.